మూడు అర్జీలు, పదకొండు పేజీల బిల్లు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

కర్నూలు నుంచి నమస్కారాలతో రాస్తున్నాను. బీమా కంపెనీ కోసిన డబ్బును ఒక ఆసుపత్రి నా దగ్గర వసూలు చేసిన విషయమై ఒక కార్యాలయంలో ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు, రెండోదానికి రసీదు కూడా ఇవ్వలేదు, మూడోదానికి మాత్రం నా ఫోనుకు ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని సందేశం వచ్చింది. పరిష్కారమైందన్న సంగతి నాకు తప్ప అందరికీ తెలిసినట్టుంది. అందుకే తమరికే నేరుగా, పదిమందీ చదివేలా రాయవలసి వచ్చింది. బీమా కంపెనీయే ఆసుపత్రికి నేరుగా డబ్బు కట్టే క్యాష్‌లెస్ పద్ధతి గురించి తమకు నేను చెప్పనక్కరలేదు కనుక ఉపోద్ఘాతం లేకుండా బిల్లులోకే వస్తాను.

నా భార్యకు పిత్తాశయంలో రాళ్లున్నాయని మా ఊరిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ చేయించాను. మూడు రాత్రులు ఉన్నాము. వైద్యం చేసిన డాక్టరు గారి మీద గాని, నర్సమ్మల మీద గాని నాకు వీసమెత్తు ఫిర్యాదు లేదు. నా బాధంతా కింది అంతస్తులోని బిల్లింగ్ కౌంటరుతోనే. మొత్తం బిల్లు 1,86,400 రూపాయలు. బీమా కంపెనీ చివరికి మంజూరు చేసినది 1,42,300. తేడా 44,100. చేరేటప్పుడు కట్టిన 10,000 అడ్వాన్సు పోను ఇంకా 34,100 కట్టి డిశ్చార్జి కాగితాలు తీసుకెళ్లమన్నారు. తీసివేత లెక్కలో తప్పేమీ లేదు. అయితే ఆ 44,100లో ఏ రూపాయి నాది, ఏ రూపాయి ఆసుపత్రిది అన్న ప్రశ్నకు తీసివేత జవాబు చెప్పదు.

ముప్పై ఏళ్లు సహకార సంఘంలో లెక్కలు రాసిన గుమాస్తాను నేను. ఓచరు చూడకుండా పద్దు రాయడం చేతకాదు. వాళ్లిచ్చిన కాగితం ఒక్క పేజీ. అందులో ‘ఫార్మసీ 61,250’ అని ఒకే వరుస ఉంది. సంఘంలో ఎవరైనా ‘ఎరువులు 61,250’ అని ఒక్క ముక్క రాసుకొస్తే మా ఆడిటరు గారు పుస్తకం మొహాన కొట్టేవారు. వివరమైన బిల్లు అడిగితే ‘ఇన్సూరెన్స్ వాళ్లకు పంపాము సార్, మీకెందుకు’ అన్నారు. అరగంట నిలబడి అడిగితే పదకొండు పేజీలు ప్రింటు తీసి ఇచ్చారు. బీమా కంపెనీ తుది మంజూరు ఉత్తరం మాత్రం ఇవ్వనే లేదు. మా అబ్బాయి ఆ కంపెనీ యాప్‌లోంచి దాన్ని తీసి నాకు పంపాడు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఫార్మసీ ముందున్న ఇనుప బెంచీ మీద కూర్చుని, ఎర్ర పెన్నుతో వరుస వరుసకూ టిక్కు పెట్టాను.

మంజూరు ఉత్తరంలో ప్రతి కోత పక్కనా ఒక కారణం రాసి ఉంటుంది. బిల్లు చూడవలసింది అక్కడి నుంచే. మొదటి కోత 14,500 ఆపరేషన్ థియేటరు, సర్జను ఫీజుల మీద పడింది. కారణం: ఆసుపత్రికీ బీమా కంపెనీకీ మధ్య ముందే కుదిరిన రేటు కంటే ఎక్కువ వేశారని. దాని కిందనే, ఈ మొత్తాన్ని రోగి నుంచి వసూలు చేయరాదని రాసి ఉంది. రెండోది 9,000, ఒప్పందం ప్రకారం ఆసుపత్రి బీమా కంపెనీకి ఇవ్వవలసిన తగ్గింపు. అంటే ఆసుపత్రి తాను వదులుకుంటానని సంతకం చేసిన డబ్బు. ఈ రెండూ కలిసి 23,500. కౌంటరులో దీన్ని నా ఖాతాలో వేశారు. అడిగితే, ‘కంపెనీ కట్ చేసిందంటే పేషెంటే కట్టాలి సార్, అందరూ కడుతున్నారు’ అన్నాడు అక్కడి కుర్రాడు. ఆ అందరిలో ఎంతమంది ఆ ఉత్తరం చూసి ఉంటారో తమరే ఊహించండి.

మూడో కోత 4,850. అడ్మిషన్ కిట్, ఫైలు ఖర్చు, చేతికి కట్టిన పేరుపట్టీ, పల్స్ ఆక్సీమీటర్, డిశ్చార్జి ప్రాసెసింగ్ అని ఐదు వరుసలు. నాలుగోది 3,150. దూది, గాజ్ గుడ్డ, సర్జికల్ బ్లేడు, ప్లాస్టరు టేపు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇలాంటి వస్తువులకు నాలుగు జాబితాలు ఇచ్చింది. మొదటిదానిలోనివి బీమా కిందికే రావు. రెండోదానిలోనివి గది అద్దెలోను, మూడోదానిలోనివి ఆపరేషన్ చార్జీలోను, నాలుగోదానిలోనివి చికిత్స ఖర్చులోను కలిసిపోయినట్టే లెక్క. నా బిల్లులోని పేరుపట్టీ, ఆక్సీమీటరు రెండో జాబితాలో ఉన్నాయి; దూది, బ్లేడు మూడోదానిలో ఉన్నాయి. గది అద్దె పూర్తిగా తీసుకుని, అదే గదిలో వేలికి తగిలించిన ఆక్సీమీటరుకు మళ్లీ వేరే డబ్బు అడగడం, హోటల్లో భోజనానికి డబ్బు కట్టాక విస్తరికి మళ్లీ కట్టమన్నట్టుంది. ‘ఆ జాబితాలు కంపెనీలకు గాని మాకు కాదు’ అంటుంది ఆసుపత్రి. ఈ మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను, ఎందుకంటే ఐఆర్‌డీఏఐ పట్టుకోగలిగేది బీమా కంపెనీనే తప్ప ఆసుపత్రిని కాదు. ఆసుపత్రి రిజిస్ట్రేషను 2002లో మన రాష్ట్రం చేసిన చట్టం కింద తమ శాఖ చేతిలోనే ఉంది. అందుకే తమకు రాస్తున్నాను.

ఐదోది 6,400. చేతి తొడుగులు, మాస్కులు, నాకు తెప్పించిన టిఫిన్లు. ఇవి మొదటి జాబితాలోనివి. ఇది నా బాకీ, కట్టవలసిందే. కాకపోతే మూడు రాత్రులకు 70 జతల తొడుగులు ఎవరి చేతులకు తొడిగారో అడగాలనిపించింది గాని, అప్పటికే నా పక్కన నలుగురు వరుసలో నిలబడి ఉన్నారు.

చివరిది 6,200. మందుల కోత. ఇక్కడ కాస్త ఆగవలసి వచ్చింది. ఇందులో 3,500 ‘ఓటీ కిట్’, అంటే ఆపరేషన్ థియేటరు సామాను. లోపల ఏముందో రాయలేదు. వివరం లేని కిట్ ఏదైనా బీమా కిందికి రాదు. అందులోనే ఉండే గౌను, టోపీ, తొడుగులు అదే పేజీలో కిందికొస్తే విడివిడిగా మళ్లీ కనిపించాయి. ఒకే వస్తువుకు రెండుసార్లు వేసిన ఆ డబ్బు నా బాకీ కాదు. మిగిలిన 2,700 ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షనుది. బిల్లులో 11 సీసాలు, ఒక్కొక్కటి 540. నర్సు రాసే మందుల చార్టు చూపమన్నాను. రోజుకు రెండు పూటలు. చేరిన రాత్రి ఒకటి, తరువాతి రెండు రోజులు రెండేసి, ఇంటికి వచ్చే ఉదయం ఒకటి. మొత్తం ఆరు. మిగిలిన ఐదు సీసాలు ఏమయ్యాయో నాకు కళ్లారా తెలుసు. డిశ్చార్జి ఉదయం వార్డుబాయ్ మంచం పక్క సొరుగులోంచి వాటిని పారదర్శకపు సంచిలో వేసుకుని ఫార్మసీకి తిరిగిచ్చేందుకు తీసుకెళ్లాడు. మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లాయి, డబ్బు మాత్రం బిల్లుకు తిరిగి రాలేదు. రిటర్న్ చీటీ నంబరు అడగడం తెలియనివాడికి ఈ తప్పు కనబడనే కనబడదు. బీమా కంపెనీ చార్టు చూసి ఐదు సీసాలు కోసింది కనుక నాకు తెలిసింది. అది కూడా గమనించక కట్టి ఉంటే 2,700 కంపెనీ జేబులోంచి పోయేది, నా భార్య అయిదు లక్షల పాలసీలోంచి ఆ మేరకు తరిగిపోయేది. కంపెనీ కట్టిన పద్దులను కూడా చూడాలని నేను అనేది అందుకే.

ఇక లెక్క తమరే చూడండి. నా నిజమైన బాకీ 6,400. నా అడ్వాన్సు 10,000. అంటే వాళ్లే నాకు 3,600 తిరిగివ్వాలి. నేను ఇదంతా వివరించేసరికి సాయంత్రం ఐదు దాటింది. మేనేజరు గారు వచ్చి, నా వయసుకు గౌరవమిచ్చి ‘మా తరఫున 9,000 కన్సెషను’ అన్నారు. బీమా కంపెనీకి ఇస్తామని ఒప్పుకున్న తగ్గింపునే నాకు దానం చేశారు! చేతులెత్తి దండం పెట్టాలా, నవ్వాలా తెలియలేదు. మిగిలిన 25,100 కడితే గాని డిశ్చార్జి సమ్మరీ రాదన్నారు. పొట్ట పట్టుకుని చక్రాల కుర్చీలో నా భార్య ‘కట్టేయండి, ఇంటికి పోదాం’ అంటుంటే నేను నియమాలు వల్లించలేకపోయాను. బిల్లు నకలు మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి, సంతకం చేసి, వాళ్ల ముద్ర వేయించుకుని కట్టాను. ఆ ముద్ర వేయించుకోవడానికే ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. మొత్తం మీద నా దగ్గర ఎక్కువగా తీసుకున్నది 28,700.

మరునాడు బీమా కంపెనీకి ఫోను చేస్తే ‘మేము రాసిచ్చాము, ఆసుపత్రిని అడగండి’ అన్నారు. ఆసుపత్రిని అడిగితే ‘కంపెనీ కోసింది, కంపెనీని అడగండి’ అన్నారు. బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోదామంటే అక్కడ వినేది కంపెనీ మీద ఫిర్యాదు. నా విషయంలో కంపెనీ తప్పేమీ చేయలేదు. కర్నూలులో నిలబడి ఎవరి తలుపు తట్టాలి సార్ నేను?

నేను కోరేది పెద్దదేమీ కాదు. డబ్బు అడిగే ముందు వివరమైన బిల్లు ఇవ్వమనండి. బీమా కంపెనీ పంపిన మంజూరు ఉత్తరం రోగి బంధువు చేతికి ఇవ్వమనండి. ‘రోగి కట్టవలసినది’, ‘ఆసుపత్రి భరించవలసినది’ అని బిల్లు కింద రెండు గళ్లు వేయించండి. తిరిగిచ్చిన మందుల చీటీ బిల్లుకు జతచేయమనండి. ఆ ఉత్తరం ఇవ్వమనండి అని మళ్లీ అంటున్నాను, ఎందుకంటే అది నా చేతికి రాకపోయి ఉంటే ఈ లేఖే లేదు. ఎర్ర పెన్ను పట్టడం అలవాటైన నాకే ఆరు గంటలు పట్టింది. పత్తికొండ నుంచో ఆలూరు నుంచో శనక్కాయలు అమ్మిన డబ్బు మూట కట్టుకొచ్చే రైతు ఆ పదకొండు పేజీలు చూసి ఏం చేస్తాడు? కట్టేసి బస్సెక్కుతాడు.

నా మూడో అర్జీ పరిష్కారమైందని రాసినవారిని, ఎలా పరిష్కరించారో ఒక్క వాక్యంలో నాకు చెప్పమని ఆదేశించగలరని ప్రార్థన. ఆ ఐదు సీసాల రిటర్న్ చీటీ నకలు కూడా ఇప్పించగలిగితే మేలు. బిల్లు, చార్టు, మంజూరు ఉత్తరం మూడూ నా దగ్గర ఫైలులో ఉన్నాయి. తమ కార్యాలయం ఎప్పుడు రమ్మంటే అప్పుడు పట్టుకుని వస్తాను.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన సహకార సంఘ గుమాస్తా,
కర్నూలు