నాట్ల తేదీ మారిస్తే చాలదు

సంపాదకునికి,

భూగర్భజలాలు పడిపోతుంటే కొత్త బోర్లు ఆపాలన్న మాటే ముందుగా వినిపిస్తుంది. పంజాబ్ 2009లో వేరే దారి పట్టింది. మే 10కి ముందు వరినారు పోయకూడదని, జూన్ 10కి ముందు నాట్లు వేయకూడదని చట్టం చేసింది. తప్పితే హెక్టారుకు నెలకు 10,000 రూపాయల జరిమానా.

ఆ ఆలోచన సరైనదే. మడిలో ఇంకిన నీటిలో కొంత మళ్లీ భూమి పొరల్లోకి చేరుతుంది, ఎండకు ఆవిరైనది మాత్రం ఆ బోరుకు తిరిగి రాదు. అందుకే నాట్లను వానాకాలానికి దగ్గరగా జరపడం వల్ల నిజమైన ఆదా ఉంటుంది.

అయితే నాట్లు పడ్డాక మోటారు ఎన్ని గంటలు నడవాలో చట్టం చెప్పలేదు. వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి ఆపడం వల్ల రైతుకు మిగిలేదేమీ లేదు. పైగా కోతలు వెనక్కి జరిగి, గోధుమ విత్తనానికి గడువు కుదించుకుపోయింది. గడ్డిని తగలబెట్టడం నవంబరు వైపు జరగడానికి ఇదొక కారణం.

2018లో కొన్ని వ్యవసాయ ఫీడర్లపై మొదలుపెట్టిన పథకం నాకు మరింత సరైనదిగా తోస్తోంది. మోటారుకు మీటరు పెట్టి, కేటాయించిన యూనిట్లలో మిగిల్చిన ఒక్కోదానికి రైతుకు 4 రూపాయలు ఇస్తారు. అప్పుడు ఆరుతడికి అర్థం వస్తుంది: చిల్లులున్న గొట్టాన్ని మడిలో పాతి, లోపలి నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే తడి పెట్టాలి. పూత దశలో మాత్రం నీరు నిలిపి ఉంచాలి, లేదంటే తాలు గింజలు పెరుగుతాయి. మీటరు లేకుండా రైతును ఈ శ్రమ పడమనడం న్యాయం కాదు.

— ఒక సాగునీటి ఇంజినీరు