టెన్షన్ తగ్గకపోయినా సెమినార్ చెప్పొచ్చు

చిట్టితల్లీ,

"టెన్షన్‌ని రానిచ్చానమ్మా, దానితో పోట్లాడలేదు, అయినా తగ్గలేదు" అని రాశావు. కౌన్సెలింగ్‌కి నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది సరిగ్గా ఇక్కడే చిక్కుకుంటారు. తగ్గుతుందన్న ఆశతో రానిస్తే, అది కూడా దాన్ని వదిలించుకునే ఉపాయమే అవుతుంది. పోయిందా, ఇంకా ఉందా అని తడిమి చూసుకుంటున్నంతసేపూ మన దృష్టంతా దాని మీదే కదా ఉండేది.

టెన్షన్‌ని ఉండనిస్తూనే మనకి ముఖ్యమైన పని చేసుకుపోయే ఈ పద్ధతిని యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ అంటారు. దీనికి 1980లలో రూపం ఇచ్చినవాళ్ళలో ముఖ్యుడు స్టీవెన్ హేస్ అనే అమెరికన్ సైకాలజిస్టు. ఆయన కూడా పానిక్ అటాక్స్‌తో బాధపడినవాడే. ఇందులో టెన్షన్ ఎంత తగ్గిందన్నది లెక్కలోకి రాదు. అది ఉండగానే నీకు ముఖ్యమైన పని చేయగలిగావా అన్నదే చూస్తారు.

నీ సెమినార్ సంగతే తీసుకుందాం. మార్కుల మాట పక్కన పెట్టు, అవి వచ్చాక ఆ పని అయిపోతుంది. నీకు అర్థమైనదాన్ని ఇంకొకరికి విడమరిచి చెప్పడం నీకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. దానికోసమే నిలబడుతున్నానని ముందు రోజే ఒక కాగితం మీద రాసుకో.

"అందరూ నవ్వుతారు" అనిపించగానే, "అందరూ నవ్వుతారన్న ఆలోచన నాకు వస్తోంది" అని మెల్లగా అనుకో. ఆలోచన పోదు, కానీ దాన్ని కాస్త ఎడంగా నిలబెట్టి చూడగలుగుతావు. ఛాతీ బిగుసుకుంటే ఎంత మేర బిగుసుకుంది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది అని గమనించు. గమనించి, చెబుతున్న వాక్యంలోకి తిరిగి వచ్చేయి. ఇలా ఎన్నిసార్లు రావాల్సి వచ్చినా ఫరవాలేదు.

మొత్తం ఇరవై నిమిషాలూ భారం అనిపిస్తే మీ సార్‌ని అడిగి ఐదు నిమిషాల భాగమే తీసుకో. పని ఎంత పెద్దదో నువ్వు ఎంచుకోవచ్చు. "గుండె మరీ దడదడలాడకపోతేనే చెబుతాను" అని మాత్రం షరతు పెట్టకు. ఆ షరతు పెట్టిన రోజు దడ ఇంకా ఎక్కువవుతుంది. ఇంకో మాట, క్లాసుకి వీపు చూపిస్తూ స్లైడ్లు గబగబా చదివేసి కూర్చుంటే అదీ తప్పించుకోవడమే, పైకి మాత్రం చేసినట్టే ఉంటుంది. ఒక్క వాక్యమైనా ఎవరో ఒకరి ముఖం చూస్తూ చెప్పు.

అలాగని అన్నిటినీ భరించమని కాదు. ఎవరైనా నిన్ను అవమానిస్తే దాన్ని ఎదిరించాలి, ఊరుకోకూడదు. ఛాతీలో నొప్పి వస్తే టెన్షనేలే అని సర్దుకోకుండా ముందు డాక్టరుకి చూపించుకో. నిద్ర, తిండి వారాల తరబడి దెబ్బతింటే థెరపిస్టు దగ్గరికి వెళ్ళాలి. నా వృత్తి ఇదే అయినా, నీకు నేను అమ్మని. ఆ పని నేను చేయకూడదు.

సెమినార్‌లో ఏ భాగం ఎంచుకున్నావో రాయి.

ప్రేమతో,
అమ్మ