రాజీనామా లేఖలో ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రాయించకండి: సాధారణ పరిపాలన శాఖ ముఖ్య కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్య కార్యదర్శి గారికి,
సాధారణ పరిపాలన శాఖ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సచివాలయం, వెలగపూడి.

అయ్యా,

పర్మినెంటు పోస్టులో ఉన్న ఉద్యోగి శాఖ అనుమతి తీసుకుని పరీక్ష రాసి, మన ప్రభుత్వంలోనే ఇంకో పోస్టుకు ఎంపికైతే, పాత పోస్టుకు రాజీనామా ఇచ్చి వెళ్లమంటున్నాం. దాన్ని ఆమోదించే తీరులోనూ, బాకీలు లేవని చెప్పే నో డ్యూస్, చివరి జీతం వివరాలు చూపే ఎల్‌పీసీ వంటి ధ్రువపత్రాలు ఇచ్చే తీరులోనూ జిల్లా ఆఫీసుల్లో ఒక పద్ధతంటూ లేదు. అందువల్ల జరిగే నష్టం అప్పుడు తెలియదు. పదేళ్ల తర్వాతో, పదవీ విరమణ కాగితాలు కట్టేటప్పుడో బయటపడుతుంది. ఆ వేళకు ఉత్తర్వు ఇచ్చిన అధికారీ ఉండరు, ఫైలూ దొరకదు. అందుకే ఈ లేఖ.

నష్టం ఎక్కడ మొదలవుతుందో ముందు చెబుతాం. 1980 నాటి సవరించిన పింఛను నిబంధనల్లో రూల్ 26 ప్రకారం, రాజీనామా చేస్తే గత సర్వీసంతా పోతుంది. అదే రూల్‌లో మినహాయింపు కూడా ఉంది. సరైన అనుమతితో ప్రభుత్వంలోనే మరో పోస్టులో చేరడానికి ఇచ్చిన రాజీనామా అయితే గత సర్వీసు పోదు. ఆఫీసుల్లో దీన్నే టెక్నికల్ రాజీనామా అంటాం. అంటే రెండు రాజీనామాలకూ తేడా ఉద్యోగి మనసులో ఏముందన్న దాన్ని బట్టి రాదు, కాగితం మీద ఏం రాశారన్న దాన్ని బట్టి వస్తుంది. మన ఆఫీసుల్లో చేతులు మారుతున్న పాత నమూనా లేఖలో మాత్రం ‘వ్యక్తిగత కారణాల వల్ల నా ఉద్యోగానికి రాజీనామా చేయుచున్నాను’ అనే ఉంటుంది. ఆ నమూనా చూసి రాసిన లేఖను అలాగే ఆమోదిస్తే, రికార్డు ప్రకారం అది మామూలు రాజీనామా. ఆరేళ్ల సర్వీసు, దాని మీద కూడిన ఆర్జిత సెలవు, కొత్త పోస్టులో జీత నిర్ణయానికి ఆధారం, అన్నీ ఆ మూడు పదాలతో సందేహంలో పడతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తహసీల్దార్ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్. ప్రొబేషన్ డిక్లేర్ అయింది, ఆరేళ్ల సర్వీసు ఉంది. అనుమతితో పరీక్ష రాసి జూనియర్ లెక్చరర్‌గా ఎంపికయ్యారు. నియామక ఉత్తర్వు జూన్ 2న చేతికొచ్చింది, జూలై 1 లోపు చేరాలి. మర్నాడే రాజీనామా లేఖ ఇచ్చారనుకుందాం.

ఆ లేఖను ఆమోదించే అధికారం తహసీల్దార్‌కు లేదు. నియామకాధికారి కలెక్టర్. కాబట్టి లేఖ ఆర్డీవో ద్వారా కలెక్టరేట్‌కు చేరాలి. ‘త్రూ ప్రాపర్ ఛానల్’ అంటే ఇదే. ఇక్కడ జరుగుతున్నది చూడండి. తహసీల్దార్ ఆఫీసు లేఖను ఒక్కదాన్నే పైకి పంపుతుంది. పది రోజులకు కలెక్టరేట్ ‘నో డ్యూస్ జతచేయలేదు’ అని తిప్పి పంపుతుంది. అది జతచేసి పంపితే ‘శాఖాపరమైన చర్యలు పెండింగ్ లేవన్న ధ్రువీకరణ ఏది?’ అని మళ్లీ కిందికి వస్తుంది. మూడోసారి సర్వీసు రిజిస్టరు అడుగుతారు. జూన్ 28 వచ్చేసరికి ఫైలు ఇంకా దారిలోనే ఉంటుంది. అప్పుడు జాలిపడి తహసీల్దార్ ‘ఆమోదం తర్వాత వస్తుందిలే, మీరు వెళ్లి చేరండి’ అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ అసలు చిక్కు అక్కడే.

ఎందుకంటే 1996 నాటి రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనల్లోని రూల్ 30 ప్రకారం, డ్యూటీలో ఉన్న ఉద్యోగి రాజీనామా అమల్లోకి వచ్చేది నియామకాధికారి ఆమోదించాక, ఆ ఆమోదాన్ని అనుసరించి రిలీవ్ చేసిన తేదీ నుంచి. ఆమోదం లేని రిలీవింగ్‌కు విలువ లేదు. జూలై 1న కొత్త కాలేజీలో చేరిన మనిషి కాగితం మీద తహసీల్దార్ ఆఫీసులోనూ ఉన్నట్టే, పైగా అక్కడ అనుమతి లేకుండా గైర్హాజరైనట్టు. ఆమోదం ఆగస్టులో వచ్చి, పాత తేదీ వేయడానికి వీల్లేదని సెక్షన్ రాస్తే, నడుమ వచ్చిన కాలాన్ని ఏమనాలో ఎవరూ తేల్చరు. రూల్ 26 లోనే, రెండు పోస్టుల మధ్య విరామం వస్తే దాన్ని సెలవుతోనో, లాంఛనంగా మాఫీ చేసో పూడ్చాలని ఉంది. ఆ మాఫీ ఉత్తర్వు కోసం ఉద్యోగి తిరగని గుమ్మం ఉండదు. ఏడాదికి మించి అనుమతి లేకుండా గైర్హాజరైతే రాజీనామా చేసినట్టే భావించాలని 2007లో తెచ్చిన సవరణను ఇలాంటి ఫైళ్లలో చూపించి భయపెట్టడమూ ఉంది. ఆ సవరణ ఉద్యోగం వదిలి కనిపించకుండా పోయినవాళ్ల కోసం. అదే ప్రభుత్వంలో ఇంకో కుర్చీలో కూర్చుని జీతం తీసుకుంటున్నవారికి దాన్ని వర్తింపజేయడం తప్పు.

ఇప్పుడు మేం అడిగేవి.

మొదటిది, ఆమోద ఉత్తర్వుకు ఒకే నమూనా. ఉత్తర్వులో ఈ అర్థం వచ్చే వాక్యం తప్పనిసరి చేయండి: ‘పై ఉద్యోగి ఫలానా నంబరు అనుమతితో దరఖాస్తు చేసుకుని, ఫలానా నియామక ఉత్తర్వు ప్రకారం ఫలానా పోస్టులో చేరడానికి సమర్పించిన రాజీనామాను ఆమోదిస్తూ, జూన్ 30 అపరాహ్నం నుంచి రిలీవ్ చేయవలసిందిగా ఆదేశించడమైనది. రూల్ 26 మినహాయింపు వీరికి వర్తిస్తుంది.’ ఇదే విషయం సర్వీసు రిజిస్టరులో కూడా ఎక్కి, అధికారి సంతకం పడాలి. ఉత్తర్వు కాపీ పోవచ్చు, రిజిస్టరు మాత్రం ఉద్యోగితోపాటు చివరిదాకా వస్తుంది. కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల విషయంలో ఈ రెండూ చేయాలని ఎప్పుడో చెప్పింది.

అపరాహ్నం అన్న మాటను చిన్నదిగా చూడొద్దని మనవి. జూన్ 30 అపరాహ్నం, అంటే ఏ.ఎన్., రిలీవ్ అయి జూలై 1 పూర్వాహ్నం, అంటే ఎఫ్.ఎన్., చేరితే ఒక్క పూట కూడా ఖాళీ రాదు. జూన్ 30 ఎఫ్.ఎన్. అని రాస్తే ఆ రోజు పాత ఆఫీసు డ్యూటీ కాదు, కొత్త ఆఫీసు డ్యూటీ కాదు. ఒక్కరోజు విరామమే అయినా దానికీ సమాధానం వెతకాల్సిందే.

రెండోది, నో డ్యూస్. దీని మీద కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ రోజులు ఆగేది ఇక్కడే. నగదు పుస్తకం, రికార్డు ఫైళ్లు, స్టోర్ సామగ్రి, ఆఫీసు ఇచ్చిన కంప్యూటర్, క్వార్టర్స్ ఉంటే దాని తాళం, ఇవి అప్పగించడం న్యాయం. ఛార్జి అప్పగింత పత్రంలో వీటికి ఇచ్చినవారు, తీసుకున్నవారు సంతకాలు చేస్తే పని అయిపోతుంది. కానీ గృహనిర్మాణ అడ్వాన్సో, మోటార్ సైకిల్ అడ్వాన్సో, పండుగ అడ్వాన్సో బాకీ ఉంటే ‘మొత్తం కట్టేస్తేనే నో డ్యూస్’ అని ఆపుతున్నారు. ఉద్యోగి ప్రభుత్వాన్నే వదిలి పోతుంటే ఆ మాట సరే. మన ఉదాహరణలోని ఉద్యోగి ఎక్కడికీ పోవడం లేదు, కొత్త జీతమూ అదే ఖజానా నుంచి వస్తుంది. ఎల్‌పీసీ అన్న కాగితం పుట్టిందే అందుకు. ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఎన్ని వాయిదాలు కట్టారు, ఇంకా ఎన్ని మిగిలాయి అన్నది అందులో రాస్తే కొత్త ఆఫీసులో జీతాల బిల్లు పెట్టే అధికారి, అంటే డీడీవో, తర్వాతి నెల నుంచి కోత కొనసాగిస్తారు. కాబట్టి టెక్నికల్ రాజీనామాలో ప్రభుత్వ అడ్వాన్సులకు ‘బాకీ లేదు’ అన్న పత్రం అడగొద్దని, ‘బాకీ ఇంత, ఎల్‌పీసీలో చూపాం’ అన్న పత్రం చాలని స్పష్టంగా ఉత్తర్వివ్వండి. సహకార పరపతి సంఘం అప్పు దారి వేరు, అది సంఘం, సభ్యుడు తేల్చుకోవాలి. దాని పేరుతో ఆమోదాన్ని ఆపొద్దు.

మూడోది, ఈ కాగితాలు ఒకదాని వెనక ఒకటి కాకుండా ఒకేసారి కదలాలి. లేఖ అందిన రోజే తహసీల్దార్ ఆఫీసు ఛార్జి జాబితా, బాకీల వివరం, శాఖాపరమైన చర్యలు గాని ఏసీబీ కేసులు గాని పెండింగ్ ఉన్నాయో లేవో తెలిపే నివేదిక, పరీక్షకు ఇచ్చిన అనుమతి కాపీ, నియామక ఉత్తర్వు కాపీ, సర్వీసు రిజిస్టరు కలిపి పంపితే కలెక్టరేట్‌కు తిప్పి పంపే అవసరం రాదు. పది పనిదినాల గడువు పెట్టండి. సస్పెన్షన్‌లో ఉన్నా, క్రమశిక్షణ చర్య నడుస్తున్నా, బాండు గడువు తీరకపోయినా ఆమోదం ఆపడానికి కారణం ఉన్నట్టే. అప్పుడు ఆ కారణాన్ని రాతపూర్వకంగా ఉద్యోగికి ఇవ్వాలి. మౌనంగా ఫైలు కింద పెట్టుకోవడం కుదరదు.

రిలీవ్ అయ్యాక జరిగే పొరపాట్లు మరో రెండున్నాయి. కంట్రిబ్యూటరీ పింఛను పథకం, అంటే సీపీఎస్‌లో ఉన్న ఉద్యోగికి పింఛను ఖాతా నంబరైన ప్రాన్ మారదు, కొత్త ఆఫీసులోనూ అదే. రాజీనామా అన్న మాట చూసి కొందరు గుమస్తాలు ఉపసంహరణ ఫారం నింపిస్తున్నారు, అలా చేస్తే ఖాతా మూతపడే దారిలో పడుతుంది. ప్రభుత్వ జీవిత బీమా అయిన ఏపీజీఎల్ఐ పాలసీ కూడా అంతే, సరెండర్ చేయించకుండా నంబరును ఎల్‌పీసీలో రాయాలి. ఇక జీతాల బిల్లులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో పాత డీడీవో ఉద్యోగి ఐడీని విడుదల చేయకపోతే కొత్త డీడీవో జీతం బిల్లు పెట్టలేరు. రిలీవింగ్ ఉత్తర్వు ఇచ్చిన రోజే ఐడీ విడుదల, వారంలో ఎల్‌పీసీ, సర్వీసు ధ్రువీకరణ, సెలవు ఖాతా పూర్తిచేసిన సర్వీసు రిజిస్టరు ఆఫీసు నుంచి ఆఫీసుకు చేరాలని రాయండి.

ఇంకో వర్గం గురించి ఆలోచించమని కోరుతున్నాం. ఇప్పటి పోస్టులో చేరకముందే వేరే పరీక్షకు దరఖాస్తు చేసుకుని, చేరాక ఎంపికైనవారు. వారి దరఖాస్తు ప్రాపర్ ఛానల్‌లో రాలేదంటే అందులో వారి తప్పేముంది? చేరిన రోజునే ఆ దరఖాస్తు సంగతి ఆఫీసుకు తెలియజేసి ఉంటే కేంద్రం తన ఉద్యోగులకు టెక్నికల్ రాజీనామా ప్రయోజనం ఇస్తోంది. 2016 ఆగస్టులో వచ్చిన ఏకీకృత సూచనల్లో ఇది ఉంది. మనకూ అలాంటి ఒక పేరా కావాలి.

ఈ ఫైలు పట్టుకుని మా టేబుల్ దగ్గరికి వచ్చే ఉద్యోగులకు మేం ముందుగా చెప్పేది ఒకటుంది: ఇరవై ఏళ్ల అర్హ సర్వీసు నిండినవారు ఇంకో ఉద్యోగం కోసం కాకుండా పూర్తిగా తప్పుకోవాలనుకుంటే రాజీనామా అన్న మాటే రాయకూడదు. అవే పింఛను నిబంధనల్లోని రూల్ 43 కింద మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద పదవీ విరమణ కోరాలి. ఆ మాట చెప్పాల్సిన బాధ్యత లేఖ తీసుకునే ఆఫీసుదేనని మీ మెమోలో చేరిస్తే, తెలియక రాజీనామా రాసి పింఛను పోగొట్టుకునేవారు ఉండరు.

నమూనా ఉత్తర్వు, నమూనా లేఖ, జతపత్రాల జాబితా కలిపి రెండు పేజీల్లో సరిపోతాయి. వచ్చే నియామకాల ఉత్తర్వులు వెలువడేలోపు ఈ మెమో అన్ని జిల్లాల కలెక్టర్లకు, శాఖాధిపతులకు, ఖజానా అధికారులకు అందేలా చూడమని కోరుతున్నాం.

ఇట్లు,
జిల్లా కార్యాలయాల్లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూసే ఉద్యోగులం