సంక్రాంతి శుభాకాంక్షలు, సకినాల సంగతి

"అక్కా, ఈసారి సకినాల మీద ఆఫర్ ఏమైనా ఉందా?"

ఉంది. ముందుగా మన కస్టమర్లందరికీ భోగి, సంక్రాంతి, కనుమ శుభాకాంక్షలు. ఊరికి పోయేవాళ్ళు క్షేమంగా పోయి రండి. ఇక్కడే ఉండి మేడ మీద పతంగులు ఎగరేసేవాళ్ళు పిట్టగోడల దగ్గర పిల్లల్ని ఓ కంట కనిపెట్టండి.

ఆఫర్ ఇది. జనవరి 8 సాయంత్రం లోపు ఆర్డర్ చెప్పినవాళ్ళకు సకినాలు కిలో 420 రూపాయలు. ఆ తర్వాత అడిగినా ఇస్తాం, కానీ 460. సరుకు రెండింటికీ ఒకటే. ముందు రేటు పెంచేసి తర్వాత తగ్గించినట్టు చూపించడం మాకు చేతకాదు, ఈ 460 దసరా నుంచీ నడుస్తున్న రేటే. మరి ఆ నలభై ఎలా తగ్గిస్తున్నాం అంటే, అది పిండిలో ఉంది.

సకినాలకు పొడి పిండి పనికిరాదు. కొత్త బియ్యం రాత్రి నానబోసి, పొద్దున వడకట్టి, తడి మీదనే గిర్నీకి పంపి, జల్లించుకోవాలి. ఆ తడిపిండిని అదే రోజు వాడేయాలి. మరునాటికి ఉంచితే పులుపు వాసన పట్టుకుంటుంది, వాము ఎంత వేసినా ఆ వాసన దాగదు. అంటే ఈ రాత్రి ఎన్ని కిలోలు నానబోయాలో మాకు ముందే తెలియాలి. పది కిలోలు నానబోశాక ఆరు కిలోల పనే పడిందనుకోండి, మిగతా నాలుగు కిలోల పిండి నష్టమే. తక్కువ నానబోస్తే, మధ్యాహ్నం మూడింటికి వచ్చి "రెండు కిలోలు కావాలి, రాత్రికే బస్సు" అన్నవాళ్ళకు చెప్పడానికి మా దగ్గర జవాబుండదు. మీరు ముందే చెబితే ఆ నష్టం ఉండదు, మిగిలేది మీకు తగ్గిస్తాం. లెక్క అంతే.

ఇంకో కారణం, చేతులు. మురుకులకు గొట్టం ఉంది, సకినాలకు వేళ్ళే. పిండిలో నువ్వులు, వాము, ఉప్పు, నీళ్ళు కలిపి, వేళ్ళ మధ్య నుంచి సన్నగా వదులుతూ గుడ్డ మీద చుట్లు చుట్టాలి. మా దగ్గర పొద్దున్నే ముందు పసుపు కుంకుమతో పిండి గౌరమ్మను పెట్టి, ఆ తర్వాతే మొదటి సకినం చుడతారు. చుట్టే ఆడవాళ్ళు అంతా ఉప్పల్ చుట్టుపక్కల నుంచి వచ్చేవాళ్ళే. వాళ్ళ ఇళ్ళలోనూ పండుగే కదా, చివరి రెండు రోజులు రాత్రి పది దాకా కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. కూర్చోబెడితే కూలీ కూడా ఎక్కువే ఇవ్వాలి.

చుట్టిన వెంటనే నూనెలో వేయకూడదు. నూలు గుడ్డ పైతడిని పీల్చేదాకా ఆగాలి. ఒక సకినం అంచు పట్టి లేపితే వంగి సాగకుండా నిలబడాలి, అప్పుడు వేయాలి. తడిగా వేస్తే నూనె పొంగుతుంది, లోపల ఆవిరి చిక్కితే పేలుతుంది కూడా. మరీ ఆరబెడితే లేపేటప్పుడే విరుగుతాయి, విరగకుండా వేగినా పంటికి గట్టిగా తగులుతాయి. తొందరలో చేసిన సకినాలు ఎక్కువగా ఇక్కడే చెడతాయి. అందుకే ఎంత ఒత్తిడి ఉన్నా ఈ ఆరబెట్టే టైమ్ మాత్రం తగ్గించం.

ఎక్కడ కొన్నా చూసుకోండి: మంచి సకినం తెల్లగా, అక్కడక్కడ లేత బంగారు రంగులో ఉంటుంది, విరిస్తే టప్‌మని విరుగుతుంది. మొత్తం ఎర్రగా ఉంటే మంట ఎక్కువైందని. కొరికాక నాలుక మీద జిడ్డుగా నూనె వాసన మిగిలితే పాత నూనె అని. కొనే ముందు ఒకటి అడిగి తినండి, మా దగ్గర కూడా. మొహమాటం వద్దు.

ఊరికి తీసుకెళ్ళేవాళ్ళు స్టీలు డబ్బా తెచ్చుకుంటే మంచిది. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి పేర్చి, పైన ఖాళీ లేకుండా కాగితం కుక్కి ఇస్తాం. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర గంటలు ఆగినా ఏం కాదు, కానీ కవర్లో వేసుకుని బస్సులో సీటు కింద పెడితే మాత్రం ఊరికి చేరేది పొడే. విదేశాలకు కొరియర్ అడుగుతున్నారు. విరగకుండా చేరతాయని మేం హామీ ఇవ్వలేం కాబట్టి ఆ ఆర్డర్లు తీసుకోవడం లేదు.

అరిసెలు, గర్జెలు కూడా ఉన్నాయి, వాటికి ఆఫర్ లేదు. బెల్లం పాకం పట్టే మనిషి ఒక్కరే, ఎంత ముందు చెప్పినా రోజుకు చేసేది అంతే. కావాల్సినవాళ్ళు అడగండి, అయిపోతే ఏమీ అనుకోవద్దు.

ఆర్డర్ చెప్పేటప్పుడు ఎన్ని కిలోలు, ఏ రోజు తీసుకుంటారు, కారం వేసినవా మామూలువా, ఈ మూడూ చెబితే చాలు. అడ్వాన్స్ అక్కర్లేదు, రాలేకపోతే ఒకరోజు ముందు చెప్పండి. పదో తేదీ నుంచి భోగి ముందురోజు రాత్రి ఎనిమిది దాకా ఇస్తాం. పండుగ మూడు రోజులూ షాపు మూసి ఉంటుంది, కనుమ మరునాడు మధ్యాహ్నం తెరుస్తాం.