ముందస్తు చెల్లింపు తగ్గింపు: అకౌంట్స్ విభాగాలకు

డీలర్ మిత్రులకు నమస్కారం. జూన్ 1 నుంచి మేమిచ్చే ప్రతి ఇన్వాయిస్‌కూ గడువు 30 రోజులే అయినా, పూర్తి మొత్తం 10 రోజుల్లోగా మా ఖాతాలో జమ అయితే 2 శాతం తగ్గింపు ఇస్తాము. ఇన్వాయిస్ తేదీని లెక్కించకూడదు కనుక, జూన్ 3 నాటి బిల్లుకు చివరి రోజు జూన్ 13 అవుతుంది. చెక్కు అయితే ఇచ్చిన రోజు కాక నగదైన రోజే ప్రమాణం.

పొరపాటు ఎక్కువగా జరిగేది లెక్క కట్టేచోట. తగ్గింపు సరుకు విలువపైనే, జీఎస్టీపై కాదు. సరుకు 1,00,000, పన్ను 18,000 అయిన బిల్లుకు 2,000 తగ్గించుకుని 1,16,000 రూపాయలు చెల్లించాలి. మొత్తంపై 2,360 తగ్గిస్తే 360 రూపాయలు మీ ఖాతాలో బకాయిగా మిగులుతాయి. తగ్గింపుకు జీఎస్టీ లేని క్రెడిట్ నోట్ పంపుతాము. మా పన్ను తగ్గదు కనుక మీరు ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వనవసరం లేదు.