బరంపురం జీడిపప్పు ఖాతాదారులకు: విశాఖ సరుకు సంగతి

“గోపాల్‌పూర్ రేవు పక్కనే ఉందిగా, ఆఫ్రికా జీడిపిక్కలు విశాఖలో దింపి ఇంత దూరం మోయడమెందుకు? ఆ కిరాయి మా మీదేగా పడేది?”

కిరాయి మీ మీద పడే మాట నిజమే. దూరం చూస్తే గోపాల్‌పూరే దగ్గర, విశాఖ సుమారు 260 కిలోమీటర్లు. కానీ గోపాల్‌పూర్‌లో దిగేవీ ఎక్కేవీ ఎక్కువగా ఖనిజం, బొగ్గులాంటి బల్క్ సరుకులు. కంటైనర్ ఓడ ఒక రేవుకు రావాలంటే అక్కడ దింపే పెట్టెలుంటే చాలదు, తిరుగు ప్రయాణంలో ఎక్కే ఎగుమతీ ఉండాలి. విశాఖకు ఆ సరుకు ఛత్తీస్‌గఢ్ నుంచీ, మన దక్షిణ ఒడిశా నుంచీ రైల్లో, రోడ్డు మీద వస్తుంది. 1933లో అక్కడ హార్బర్ తెరిచేనాటికే రాయపూర్ వైపు రైలుమార్గం ఉంది. ఒకప్పుడు రంగూన్‌కు ఓడలు నడిపిన గోపాల్‌పూర్ వెనక అలాంటి దారి పడలేదు. అది బీచ్ ఊరయింది, విశాఖ నగరమయింది.

ఇక కిరాయి లెక్క. నలభై అడుగుల పెట్టెలో సుమారు 25 టన్నులు, అంటే 80 కిలోల బస్తాలు 310 పైచిలుకు వస్తాయి. పెట్టె షిప్పింగ్ కంపెనీది, ఖాళీ చేసి మళ్లీ విశాఖ యార్డుకే చేర్చాలి. అందుకే ట్రైలర్ వాడు రానూ పోనూ కిరాయి అడుగుతాడు. ఉచిత గడువు దాటితే రోజుకింత అని డిటెన్షన్ రుసుము కట్టాలి, రోజులు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది. కస్టమ్స్ కాగితాల్లో, మొక్కల క్వారంటీన్ తనిఖీలో రెండు రోజులు ఆలస్యమైతే ఆ గడువు అక్కడే కరిగిపోతుంది.

ఇకనుంచి విశాఖ కంటైనర్ ఫ్రైట్ స్టేషన్‌లోనే పెట్టె విప్పించి మామూలు లారీల్లోకి మారుస్తాం. పెట్టె అక్కడే అప్పజెప్తాం, లారీకి ఒకవైపు కిరాయే. కూలీ ఖర్చు కొత్తగా తగులుతుంది, కొక్కేలు తగిలి కొన్ని బస్తాలు చిరుగుతాయి. అయినా ఇదే చవక.

ఇందులో నాకు ముఖ్యమనిపించే లాభం వేరే ఉంది. తేమ పది శాతం దాటిన పిక్కలు ఎక్కిస్తే, పగటి వేడికి వాటిలోని తడి ఆవిరై, రాత్రి చల్లబడిన ఇనుప పైకప్పుకు పట్టి చుక్కలుగా కారుతుంది. పై వరస బస్తాల మీద మరకలు, తలుపు తీయగానే బూజు వాసన ఉంటే అదే గుర్తు. లోపలి గోడలకు క్రాఫ్ట్ కాగితం, తేమ పీల్చే సంచులు కట్టమని ఎగుమతిదారుకు ముందే రాస్తాం. అయినా దెబ్బతిన్న బస్తాలు విశాఖలోనే కనబడితే సరుకు నష్టం చూసే సర్వేయర్‌ని పిలిచి అక్కడే రాయించవచ్చు. బరంపురం చేరాక చెబితే తప్పు లారీదా ఓడదా తేలదు.

కొలంబోలోనో సింగపూర్‌లోనో పెద్ద ఓడ నుంచి పెట్టెలు అందుకుని విశాఖకు తెచ్చే ఫీడర్ ఓడ తప్పితే వారం జాప్యం మాత్రం మా చేతిలో లేదు. పెళ్లిళ్లకు గుండు పప్పు కావలసినవారు నెల ముందే చెప్పండి. బద్దలు, ముక్కలు ఎప్పుడూ నిల్వ ఉంటాయి.