పాడి షెడ్డు లెక్కలో వట్టిపోయిన రోజులేవి?

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం జిల్లాలో పాడి రుణాల గురించి మీ జిల్లా పేజీలో తరచూ వార్తలు వస్తున్నాయి. షెడ్డుకు ఎంత, గేదెకు ఎంత, సబ్సిడీ ఎంత అని రాస్తున్నారు. ఆ షెడ్డులోంచి వచ్చే పాలు లీటరుకు ఎంత పడతాయో మాత్రం ఎక్కడా కనబడదు. చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో ఒక కుర్రాడు నాలుగు గేదెల షెడ్డుకు రుణం అడుగుతున్నాడు. పట్నంలో డబ్బులిచ్చి రాయించుకున్న ప్రాజెక్టు రిపోర్టు తెచ్చి నాకు చూపించాడు. లీటరుకు ఖర్చు 32 రూపాయలు, అమ్మకం 56 రూపాయలు అని అందులో ఉంది. ఆ కాగితాన్ని నమ్మి అప్పు చేస్తే వాడు రెండో ఏడాదికే వాయిదాలు కట్టలేడని నాకు భయం వేసింది. అందుకే మా సాలలో నేను రాసుకునే లెక్కను మీ పాఠకుల ముందు పెడుతున్నాను.

ఆ రిపోర్టులో ఒక్కో గేదె రోజుకు 8 లీటర్లు, 300 రోజులు, నాలుగు గేదెలు అని వేసి ఏడాదికి 9,600 లీటర్లు చూపించారు. ఈనిన రెండో నెలలో 10 లీటర్లిచ్చిన గ్రేడెడ్ ముర్రా గేదె పదో నెలకు 3 లీటర్లకు దిగుతుంది. ఈత మొత్తానికి సగటు చూస్తే రోజుకు ఆరున్నర లీటర్లు వస్తే మంచి గేదె కిందే లెక్క. 300 రోజులకు అది 1,950 లీటర్లు. దూడ తాగే 150 లీటర్లు తీసేస్తే అమ్మకానికి 1,800 మిగులుతాయి. ఇక ఈతకూ ఈతకూ మధ్య ఎడం పన్నెండు నెలలు కాదు, మా వైపు పదిహేను నెలలు పడుతోంది. అంటే 450 రోజుల్లో 300 రోజులు పాలిస్తుంది, 150 రోజులు వట్టిపోయి ఉంటుంది. ఈ లెక్కన నాలుగు గేదెలకు ఏడాదికి అమ్మే పాలు 5,840 లీటర్లే. కాగితం మీది 9,600కూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి.

ముందు మేత. పాలిచ్చే రోజుల్లో మా గేదెకు పచ్చిగడ్డి 25 కిలోలు, ఎండుగడ్డి 6 కిలోలు, దాణా నాలుగున్నర కిలోలు వేస్తాం. దాణా లెక్క సులువు. ఒంటికి కిలోన్నర, ఆపైన దూడ తాగగా పిండుకునే ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో. తవుడు, మొక్కజొన్న నూక, చెక్క మేమే కలుపుకుంటాం కాబట్టి కిలో 28 రూపాయలు పడుతోంది. సూపర్ నేపియర్ గడ్డి గేదెకు పది సెంట్ల చొప్పున వేసుకున్నాం. కౌలు, ఎరువు, కరెంటు కలిపితే కిలో 1.60 రూపాయలు. ఎండుగడ్డి నూర్పిళ్లప్పుడే కొని వామి వేసుకుంటే కిలో 5 రూపాయలు, ఎండాకాలంలో కొంటే అంతకు దాదాపు రెట్టింపు. మినరల్ మిక్చర్, ఉప్పు కూడా కలిపితే రోజుకు 202 రూపాయలు. రిపోర్టు రాసినవాళ్లు కూడా రోజు మేతకు ఇంతే వేశారు. కానీ దాన్ని 8 లీటర్లతో భాగించి 25 రూపాయలని తేల్చేసి అక్కడే ఆగిపోయారు.

వట్టిపోయిన గేదెకూ ఆకలి ఉంటుంది, కడుపులో దూడ కూడా పెరుగుతుంటుంది. ఎంత తగ్గించినా, చివరి రెండు నెలలు దాణా పెంచాల్సిందే కాబట్టి, సగటున రోజుకు 128 రూపాయలు అవుతుంది. పాల రోజులకు 60,600, వట్టి రోజులకు 19,200, మొత్తం 79,800 రూపాయలు. దీన్ని 1,800 లీటర్లతో భాగిస్తే ఒక్క మేతకే లీటరుకు 44.30 పడుతోంది. తుపాను వానకు తడిసిన గడ్డి చవకగా వస్తుందని కొని ఈ ఖర్చు తగ్గించుకోవాలని చూడొద్దు. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెకు చెవుల కొనలు, తోక కొన నల్లబడి ఎండిపోతాయి, కాళ్లకు పుండ్లు పడతాయి.

రెండోది కూలి. రిపోర్టులో "కుటుంబ శ్రమ" అని రాసి దాని ఎదుట సున్నా పెట్టారు. ఆ సున్నా వెనక ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే ఉంటారు. తెల్లవారకముందే పాలు తీయడం, పేడ ఎత్తడం, గడ్డి కోసి తేవడం, కడగడం, మళ్లీ సాయంత్రం పాలు తీయడం, అన్నీ కలిపి నాలుగు గేదెలకు రోజుకు ఐదు గంటలు ఎక్కడికీ పోవు. ఎనిమిది గంటల కూలి 400 అనుకుంటే ఇది 250 రూపాయలు. గేదెకు రోజుకు 62.50 చొప్పున 450 రోజులకు వేస్తే లీటరుకు 15.60. ఈ కూలి దక్కాలా వద్దా అనేది ఆ ఇంటివాళ్లు తేల్చుకోవాలి. కాగితం రాసేవాళ్లు సున్నా చుట్టేసే విషయం కాదు.

మందుల ఖర్చు చాలామంది అనుకునేంత పెద్దది కాదు. గాలికుంటు, గొంతువాపు టీకాలు పశుసంవర్ధక శాఖ ఉచితంగానే వేస్తుంది, 1962కు ఫోన్ చేస్తే సంచార వైద్యశాల వస్తుంది. నట్టల మందు, కాల్షియం, బయట కొనే మందులు, చూడి కట్టడానికి వేయించే ఎద సూదులు కలిపి ఈతకు 3,600 రూపాయలు, అంటే లీటరుకు 2 రూపాయలు. పొదుగువాపు వస్తే మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. మందు వాడిన రోజులు, ఆ తర్వాత డాక్టరు చెప్పిన రోజులు పాలు పారబోయాలి. ఆలస్యమైతే ఒక చన్ను ఎప్పటికీ పోతుంది. పాలు తీసే ముందు ప్రతి చన్ను నుంచీ మొదటి రెండు ధారలు నల్లటి గుడ్డ మీద పిండి చూడండి. పలుకులు కనబడితే అదే రోజు వైద్యం మొదలుపెట్టాలి. పాలు తీసిన తర్వాత అరగంట వరకు చన్ను రంధ్రాలు తెరుచుకునే ఉంటాయి. అప్పుడు గడ్డి వేస్తే గేదె పడుకోకుండా నిలబడే ఉంటుంది.

ఇక పెట్టుబడి. గేదెలు రవాణాతో కలిపి ఒక్కోటి 90 వేల చొప్పున 3,60,000. షెడ్డుకు 1,60,000. గడ్డి కోసే మిషను, క్యాన్లు, తొట్లకు 40,000. మొత్తం 5,60,000 రూపాయలు. ఇందులో కళ్లకు కనబడని ఖర్చు గేదె అరుగుదల. 90 వేలకు కొన్న గేదెను ఐదేళ్ల తర్వాత 40 వేలకు అమ్ముతాం. ఏడాదికి గేదెకు పది వేలు పోతున్నట్టే, కానీ అమ్మిన రోజు దాకా అది చేతికి తెలియదు. దీనికి షెడ్డు అరుగుదల, రిపేర్లు, ఇన్సూరెన్సు, సగం పెట్టుబడి మీద పది శాతం వడ్డీ కలిపితే ఏడాదికి 97,400, లీటరుకు 16.70. కరెంటు, తాళ్లు లాంటి చిల్లర ఖర్చులు మరో 60 పైసలు.

అన్నీ కలిపితే 79.20 అవుతుంది. పేడ, దూడల మీద వచ్చేది 4.50 తీసేస్తే 75 రూపాయల దగ్గర తేలుతుంది. మా పాల కేంద్రంలో వెన్న శాతాన్ని బట్టి లీటరుకు సగటున 56 ఇస్తున్నారు. ఇంటివాళ్ల కూలి మొత్తం వదులుకున్నా ఇంకా మూడు రూపాయలు తక్కువే. అయినా రోజూ చేతిలో డబ్బు ఆడుతుంటుంది కాబట్టి నష్టం తెలియదు. గేదెను మార్చాల్సిన ఏడాది కొత్తదానికి డబ్బు లేక మళ్లీ అప్పు చేసినప్పుడు తెలుస్తుంది. సగం పాలు పట్నంలో ఇళ్లకు 80 రూపాయలకు పోసేవాళ్లు కొంత నయం, వాళ్లకు సగటున 68 వస్తుంది. పట్నానికి దూరంగా ఉన్న ఊళ్లకు ఆ దారి లేదు.

అయితే పాడి పెట్టొద్దని నేను చెప్పడం లేదు. ఈ 75ను దించే దారి ఒకటి స్పష్టంగా ఉంది. అది ఈతల మధ్య ఎడం తగ్గించడం. గేదె చూడి 310 రోజులు. ఎడం 450 రోజులుందంటే ఈనిన 140 రోజులకు గాని చూడి కట్టలేదన్నమాట. అదే 90 రోజులకల్లా కడితే ఎడం 400 రోజులకు వస్తుంది. వట్టి రోజు ఒక్కటికి మేత, కూలి, అరుగుదల, వడ్డీ కలిపి గేదెకు 257 రూపాయలు ఖర్చవుతుంది. యాభై రోజులు తగ్గితే లీటరుకు 7 రూపాయలు మిగులుతాయి. ఈనే ముందు రెండు నెలలు ఎలాగూ పాలు ఆపాలి కాబట్టి దీన్ని ఇంకా ఎంతో దించలేం. కానీ అక్కడిదాకా రావడమే పెద్ద మాట.

ఎద ఒక్కసారి తప్పిపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. అంటే 5,400 రూపాయలు, లీటరుకు 3 రూపాయలు. షెడ్డు పూర్తిగా ఉచితంగా కట్టించి ఇచ్చినా లీటరుకు తగ్గేది 2.75 మాత్రమే. షెడ్డు సబ్సిడీ గురించి ఇంత చర్చ జరుగుతోంది, ఒక్క ఎద తప్పిపోవడం గురించి ఎవరూ మాట్లాడరు. ఎండాకాలంలో గేదెలకు వచ్చేది చాలావరకు మూగ ఎద. అరవదు, రాత్రిపూటో తెల్లవారుజామునో వచ్చి పోతుంది. మాటిమాటికీ మూత్రం పోయడం, మానం నుంచి గాజులాంటి తీగ వేలాడడం, పాలు ఉన్నట్టుండి తగ్గడం, వీటినే చూసుకోవాలి. తెల్లవారుజామున ఎద గమనిస్తే సాయంత్రానికి సూది పడాలి. ఆ సాయంత్రం వేసేవాళ్లు దొరకరు, మర్నాడు వచ్చేసరికి అదను దాటిపోతుంది. మా చుట్టుపక్కల ఊళ్లలో జరుగుతున్నది ఇదే.

కాబట్టి అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. రుణానికి తీసుకునే ప్రతి రిపోర్టులో వట్టి రోజుల మేత, ఇంటి కూలి, గేదె అరుగుదల ఉండాలని బ్యాంకులు పట్టుబట్టాలి. నాలుగు గేదెలకూ ఒకేసారి డబ్బు ఇవ్వకుండా ముందు రెంటికి, ఆరు నెలల తర్వాత మిగతా రెంటికి ఇస్తే నాలుగూ ఒకేసారి వట్టిపోవు, వాయిదా కట్టే నెలల్లో పాలు ఉంటాయి. సాయంత్రం పూట, సెలవు రోజుల్లో ఎద సూది వేయడానికి మండలానికి ఒకరినైనా వంతుల వారీగా ఉంచాలి. గరివిడిలో పశువైద్య కళాశాల మన మధ్యే ఉంది. పశుసంవర్ధక శాఖ వాళ్లతో కలిసి ఏడాదికి రెండుసార్లు, నూర్పిళ్ల తర్వాత ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి, ఇక్కడి మేత ధరలతో లీటరు ఖర్చు లెక్కగట్టి ప్రతి పాల కేంద్రంలో వెన్న శాతం చార్టు పక్కన అంటించాలి.

మా ఊరి కుర్రాడి దరఖాస్తు ఇంకా బ్యాంకులోనే ఉంది. ఈ లెక్క ప్రకారం రెండు గేదెలతో మొదలుపెట్టేలా రిపోర్టు మార్చి ఇస్తే తీసుకుంటారా అని అడగమని చెప్పాను.

ఇట్లు,
ఒక పాడి రైతు,
చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా